ఇంగ్లిష్‌లో చదివి తెలుగులో చెప్పే ప్రసంగం: 2 కొరింథీయులకు 5:17–21కి నోట్స్ తయారైన తీరు

కువైట్‌లో మా తెలుగు సహవాసం శుక్రవారం కూడుకుంటుంది. అక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇళ్లలో పనిచేసే అక్కలు. కడప వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల చేతిలో అందరికీ తెలిసిన పాత తర్జుమా తెలుగు బైబిల్ ఉంటుంది. కొందరికి చదవడం రాదు, విని గుర్తు పెట్టుకుంటారు. మరో వైపు ఉద్యోగస్తుల కుటుంబాలు ఉంటాయి. ఆ పిల్లలకు ఇంట్లో తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. వాళ్ల స్కూళ్లలో ఇంగ్లిష్, హిందీ, అరబిక్ ఉంటాయి, తెలుగు ఉండదు. భర్తది తెలుగు, భార్యది మలయాళమో తమిళమో అయిన ఇళ్లు కూడా ఉన్నాయి. అందుకే వాక్యభాగం ఇంగ్లిష్‌లో చదివిస్తాం, వివరణ అంతా తెలుగులో చెబుతాం. నేను పాస్టర్‌ని కాను. ఆఫీసులో అకౌంట్స్ పని చేస్తూ, నా వంతు వచ్చినప్పుడు వాక్యం చెప్పేవాణ్ణి.

దీన్ని మన కూటాల్లో జరిగే అనువాద ప్రసంగంతో కలపకూడదు. అక్కడ ప్రసంగీకుడు ఒక వాక్యం ఇంగ్లిష్‌లో అంటే పక్కనున్న బ్రదర్ దాన్ని తెలుగులో అంటాడు, మాట మాటకూ జంట ఉంటుంది. ఇక్కడ ప్రసంగం చెప్పేది ఒకే మనిషి. ఇంగ్లిష్ ఒక్కసారి, మొదట్లో, పూర్తిగా వినిపిస్తుంది. ఆ తర్వాత అరగంట తెలుగే. కాబట్టి విన్న ఇంగ్లిష్‌కీ చెబుతున్న తెలుగుకీ మధ్య వంతెన నోట్స్‌లోనే కట్టుకోవాలి. అప్పటికప్పుడు నోటితో కడదామనుకుంటే ఏం జరుగుతుందో చాలా చోట్ల విన్నాను: 'గాడ్ మనల్ని రికన్సైల్ చేసుకున్నాడు, ఆ మినిస్ట్రీని మనకి ఎంట్రస్ట్ చేశాడు' అని సాగిపోతుంది. పిల్లలకు తెలిసిన మాటలే వినబడతాయి కాబట్టి అర్థమైనట్టే ఉంటుంది. అక్కలు మర్యాదగా తల ఊపుతారు. నిజానికి అక్కడ వివరణ అనేదే జరగలేదు, ఇంగ్లిష్ క్రియకు 'చేయు' తగిలించడం మాత్రమే జరిగింది.

ఇక్కడ రాస్తున్నది 2 కొరింథీయులకు 5వ అధ్యాయం 17 నుంచి 21 వరకు ఉన్న భాగానికి నోట్స్ రాసుకున్న తీరు. ఐదే వచనాలు. మేము చదివే ఈఎస్‌వీ తర్జుమాలో సుమారు 115 మాటలు. నెమ్మదిగా చదివినా నిమిషానికి కొంచెం పైన పడుతుంది. ఈ పద్ధతిలో వచ్చే చిక్కులు దాదాపు అన్నీ ఈ చిన్న భాగంలోనే ఉన్నాయి, అందుకే దీన్ని ఎంచుకున్నాను.

మొదటి పని రెండు తర్జుమాలనూ పక్కపక్కన పెట్టుకుని, వచనంలోని ముక్కలు ఏ వరసలో వస్తున్నాయో చూడటం. అర్థం సంగతి తర్వాత, ముందు వరస. 21వ వచనం తీసుకుంటే ఇంగ్లిష్ ఇలా నడుస్తుంది: మన కోసం, ఆయన ఆయనను పాపంగా చేశాడు, ఆ ఆయన పాపం ఎరుగనివాడు, ఎందుకోసమంటే ఆయనలో మనం దేవుని నీతి కావడానికి. మన పాత తర్జుమాలో ఇలా ఉంటుంది: 'ఎందుకనగా మనమాయనయందు దేవుని నీతి అగునట్లు పాపమెరుగని ఆయనను మనకోసము ఆయన పాపముగా చేసెను.' ఇంగ్లిష్‌లో చివర ఉన్నది తెలుగులో మొదట ఉంది. ఇది తర్జుమా తప్పు కాదు. తెలుగు వాక్యం క్రియతో ముగియాలి, 'అగునట్లు' లాంటి ముక్క దానికి ముందే రావాలి.

ఇది వ్యాకరణం సంగతిలా కనిపిస్తుంది గానీ ప్రసంగ వేదిక మీద దీని ప్రభావం సూటిగా ఉంటుంది. 'ఈ వచనం చివరి మాట చూడండి, అదే ముఖ్యం' అని అన్నాననుకోండి. తెరమీద ఇంగ్లిష్ చూస్తున్న అబ్బాయికి చివర కనబడేది 'రైచస్‌నెస్ ఆఫ్ గాడ్'. తెలుగు బైబిల్ మీద వేలు పెట్టుకున్న అక్కకు చివర కనబడేది 'పాపముగా చేసెను'. నేను నీతి గురించి మాట్లాడుతుంటే ఆమె పాపం గురించి ఆలోచిస్తూ ఉంటుంది. ముందు వరసల్లో వేళ్లు పేజీ మీద పైకీ కిందికీ వెతుకుతుంటే కారణం సాధారణంగా ఇదే. అందుకే నా నోట్స్‌లో 'మొదట', 'చివర', 'తర్వాతి మాట' అనే గుర్తులు ఉండవు. ఎక్కడ చూడాలో చెప్పాలంటే ఆ మాటనే పలుకుతాను: 'పాపమెరుగని ఆయన అని ఉంది చూశారా, ఇంగ్లిష్‌లో హూ న్యూ నో సిన్'. ఇద్దరూ తమ తమ పేజీలో దాన్ని పట్టుకుంటారు.

19వ వచనంలో వరస తేడా ఇంకా లోతైనది. ఇంగ్లిష్‌లో ముందు లోకం వస్తుంది, తర్వాత 'వారి అపరాధాలు' వస్తాయి. కాబట్టి 'వారు' ఎవరో ప్రశ్న లేదు, లోకంలోని మనుషులు. మన తర్జుమాలో 'దేవుడు వారి అపరాధములను వారిమీద మోపక, క్రీస్తునందు లోకమును తనతో సమాధానపరచుకొనుచు' అని ఉంటుంది. 'వారి' ముందు వచ్చింది, లోకం ఆ తర్వాత వచ్చింది. చెవితో వినే మనిషికి ఒక్క క్షణం ఆ 'వారు' ఎవరో తెలియదు. ఇలాంటి చోట నేను నోట్స్‌లో ఇంగ్లిష్ వరసనే పట్టుకుని తెలుగులో రెండు చిన్న వాక్యాలు రాసుకుంటాను: 'దేవుడు క్రీస్తులో లోకాన్ని తనతో కలుపుకున్నాడు. ఎలా కలుపుకున్నాడు? లోకంలోని మనుషుల తప్పులు వాళ్ల లెక్కలో రాయకుండా.' 21వ వచనంలో మాత్రం తెలుగు వరసనే పట్టుకున్నాను, ఎందుకంటే 'దేని కోసం' అన్నది ముందు వింటే మిగతాది నిలబడుతుంది. ఏ వచనానికి ఏ వరస అన్నది ముందే తేల్చుకోవాలి. సగం వచనం ఒక వరసలో, సగం ఇంకో వరసలో చెబితే ఎవరికీ అందదు.

'లెక్కలో రాయకుండా' అన్న మాట ఇంగ్లిష్ వైపు నుంచి వచ్చింది, అది చెప్పాలి. పాత తర్జుమాలోని 'మోపక' వింటే మనకు నేరం మోపడం, నింద మోపడం గుర్తొస్తాయి. ఈఎస్‌వీలోని 'నాట్ కౌంటింగ్' లెక్కల మాట. గ్రీకు క్రియ కూడా లెక్కకట్టడానికి, ఖాతాలో చేర్చడానికి వాడే మాటే. కింగ్ జేమ్స్‌లో 'ఇంప్యూటింగ్' అని ఉంది, ఇప్పటి పిల్లలకు అది తెలుగులోని 'మోపక' కంటే దూరం. ఇంగ్లిష్ పఠనం పిల్లల కోసం పెట్టిన ఏర్పాటు అని అందరూ అనుకుంటారు. సరిగ్గా వాడుకుంటే తెలుగు బైబిల్ చదివే అక్కకు కూడా అది ఒక కొత్త కిటికీ తెరుస్తుంది. పచారీ కొట్టులో ఖాతా పెట్టినవాళ్లకు 'మీ పేరు మీద రాయలేదు' అంటే ఇక వేరే వివరణ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు చిక్కు, 'మేము', 'మనము'. ఇంగ్లిష్‌కు ఈ తేడా లేదు. గ్రీకుకూ లేదు. తెలుగుకు ఉంది, తప్పించుకునే దారి లేదు. 18వ వచనం ఇంగ్లిష్‌లో 'అస్' అన్న మాట రెండుసార్లు వస్తుంది: మనల్ని తనతో సమాధానపరచుకున్నాడు, ఆ పరిచర్యను మనకు ఇచ్చాడు. వినేవాడికి రెండూ ఒకటే. పాత తర్జుమా మాత్రం ఇలా విడదీసింది: 'ఆయన మనలను క్రీస్తుద్వారా తనతో సమాధానపరచుకొని, ఆ సమాధానపరచు పరిచర్యను మాకు అనుగ్రహించెను.' ఒకే వాక్యంలో మొదట మనలను, తర్వాత మాకు. 19లో మళ్లీ 'మాకు అప్పగించెను'. 20లో 'మేము క్రీస్తుకు రాయబారులమై'. 21కి వచ్చేసరికి తిరిగి 'మనము'. అంటే తర్జుమా చేసినవాళ్లు ఒక నిర్ణయం తీసుకున్నారు: సమాధానపడటం అందరిదీ, రాయబారం మాత్రం ఈ పత్రిక రాసిన పౌలుదీ అతని తోటి పనివాళ్లదీ.

ఇంగ్లిష్ ప్రసంగాలు విని నోట్స్ తయారుచేసుకునేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. ఆ ప్రసంగాల్లో 'వి ఆర్ ఆల్ అంబాసడర్స్' అన్నది దాదాపు తప్పకుండా వస్తుంది. దాన్ని తెలుగులోకి తెచ్చి 'మనమందరం రాయబారులం అని పౌలు అంటున్నాడు' అంటే, తెలుగు బైబిల్ చూస్తున్న అక్కకు ఆ మాట అక్కడ కనబడదు. 'మేము రాయబారులం, మిమ్మును బతిమాలుకొనుచున్నాము' అని కనబడుతుంది. ఆమె నోరు తెరిచి అడగదు. బోధించే అన్నకు తెలిసే ఉంటుందిలే అనుకుంటుంది. కానీ తన బైబిల్ ఒకటి, వాక్యం చెప్పేవాళ్ల బైబిల్ ఒకటి అన్న భావం మెల్లగా పాతుకుపోతుంది. నన్ను అడిగితే, ఈ పద్ధతి వల్ల జరిగే నష్టాల్లో అతి పెద్దది ఇదే.

అలాగని పాత తర్జుమా తేల్చింది కాబట్టి అంతే అని కళ్లు మూసుకుని ఒప్పుకోవడమూ సరికాదు. ఆధారం చూడాలి. ఈ పత్రిక మొదటి వచనంలోనే పౌలు, తిమోతి ఇద్దరి పేర్లూ ఉన్నాయి. 1:19లో 'మా చేత' అని, వెంటనే 'నాచేతను సిల్వానుచేతను తిమోతిచేతను' అని విప్పి చెప్పాడు. ఐదో అధ్యాయం మొదటి నుంచీ తమ పరిచర్య గురించి కొరింథువాళ్లకు వివరించుకుంటున్నాడు. 20లో బతిమాలేవాళ్లు ఒకరు, వినేవాళ్లు ఇంకొకరు అయ్యుండాలి. కాబట్టి 'మేము' బలమైన నిర్ణయమే. అయితే 20వ వచనం గ్రీకులో 'మిమ్మును' అన్న మాట లేదు, ఇంగ్లిష్‌లోని 'యూ' కూడా తర్జుమాలో చేర్చిందే. 'బతిమాలుకొనుచున్నాము' వరకే ఉంది. దీన్ని కొరింథు సంఘంతో అంటున్నాడా, ఊరూరా తాము చెప్పే మాట ఇదీ అని వర్ణిస్తున్నాడా అన్నది రెండు విధాలుగానూ చదవచ్చు. ఇది వేదిక మీద చెప్పలేదు. నోట్స్ వెనుక వైపు రాసుకున్నాను, ఎవరైనా అడిగితే జవాబు ఉండాలని.

వేదిక మీద ఏం చేయాలన్నది ఇలా తేల్చుకున్నాను. వివరణ నడుస్తున్నంత సేపూ 'మేము' అన్న చోట పేర్లు పెట్టాలి: 'పౌలు, తిమోతి, వాళ్ల జట్టు'. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. కువైట్‌లో పెరిగిన పిల్లలకు మేము, మనం తేడా నోటికి స్థిరపడలేదు. 'మేము పార్క్‌కి వెళ్దామా డాడీ' అంటారు. సర్వనామం మీద ఆధారపడి వాళ్లకు ఏదీ నేర్పలేం. అన్వయానికి వచ్చినప్పుడు మాత్రం అడుగు వేస్తున్నానని బాహాటంగా చెప్పాలి: 'ఈ రాయబారం మొదట పౌలు జట్టుకు అప్పగించారు. మరి మన దాకా ఎలా వచ్చింది? వాళ్లు చెప్పిన మాట విని సమాధానపడ్డవాళ్లం మనం. ఆ మాట ఇప్పుడు మన దగ్గర ఉంది.' ఇలా చెబితే అక్క బైబిల్‌లోని 'మాకు' అలాగే ఉంటుంది, పిల్లవాడు విన్న 'అస్' కూడా అబద్ధం కాదు.

కాగితం ఎలా ఉంటుందో కొంచెం చెబుతాను. ఏ4 కాగితాన్ని మధ్యకు మడిచి, బైబిల్‌లో పట్టేలా వాడతాను. నిలువుగా రెండు గళ్లు. ఎడమ గడి ఇరుకుగా ఉంటుంది, అందులో ఇంగ్లిష్ నుంచి నాలుగైదు మాటలకు మించని ముక్క. మేము దాన్ని కొక్కెం అంటాం. కుడి గడిలో తెలుగు. ఇంగ్లిష్ వచనం మొత్తం కాగితం మీద రాసుకోను. రాసుకుంటే మళ్లీ చదవాలనిపిస్తుంది. రెండోసారి పూర్తిగా చదివితే తెలుగు మాత్రమే వచ్చినవాళ్లు ఊరికే కూర్చోవాలి. కొక్కెం అంటే విన్నదాన్ని గుర్తు చేయడానికి సరిపోయేంత, అంతే. 18వ వచనం దగ్గర కాగితం ఇలా ఉంది:

ఎడమ: ఆల్ దిస్ ఈజ్ ఫ్రమ్ గాడ్
కుడి: ఇదంతా దేవుడి దగ్గర మొదలైంది. మన దగ్గర కాదు. (ఆగు)

ఎడమ: రికన్సైల్డ్ అస్
కుడి: తెగిన సంబంధాన్ని ఆయనే కలుపుకున్నాడు. పా.త: 'మనలను'. అందరం.

ఎడమ: గేవ్ అస్ ద మినిస్ట్రీ
కుడి: పా.త: 'మాకు'. పౌలు, తిమోతి. మన సంగతి 20 దగ్గర. ఇప్పుడు వద్దు.

'పా.త' అంటే పాత తర్జుమా మాట యథాతథంగా పలకాలని గుర్తు. అక్కల చేతిలో ఉన్నది అదే కాబట్టి దాన్ని దాటేసి నా సొంత తెలుగులోకి దూకను. ముందు వాళ్ల మాట, తర్వాత దాని వాడుక రూపం. ఇప్పుడు తెలుగులో సమకాలీన అనువాదం లాంటి తేలిక తర్జుమాలు ఉన్నాయి, ఫోన్‌లో యాప్ ఉన్నవాళ్లు అవి చూస్తారు. నేను ఇంట్లో వాటిని కూడా చూసుకుంటాను గానీ వేదిక మీద మూడో తర్జుమా తేను. రెండు పేజీల మధ్య వంతెన కట్టడమే కష్టం.

'సమాధానం' అన్న మాట దగ్గర కాగితం మీద ఎక్కువ చోటు పోయింది. పిల్లలకు సమాధానం అంటే ప్రశ్నకు జవాబు. పెద్దలకు మనశ్శాంతి, 'దేవుడు సమాధానం ఇచ్చాడు' అంటే ప్రాణం కుదుటపడింది అని. ఈ భాగంలో రెండూ కావు. తెగిన ఇద్దరు కలవడం. 'రాజీ' అందామంటే ఇద్దరూ చెరికొంత తగ్గినట్టు ధ్వనిస్తుంది. మా ఆఫీసు భాషలో బ్యాంక్ రికన్సిలియేషన్ ఉంది, ఉద్యోగస్తులకు వెంటనే తగులుతుంది కూడా. కానీ అందులో తప్పు మన పుస్తకంలో ఉండొచ్చు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనూ ఉండొచ్చు, రెండు వైపులా సరిచేసి కలుపుతాం. దేవుని వైపు తప్పు ఉన్నట్టు అర్థం వచ్చే ఉదాహరణ ఎంత బాగున్నా పనికిరాదు, కొట్టేశాను.

ఇదే సంఘానికి రాసిన మొదటి పత్రిక 7:11లో, విడిపోయిన భార్య గురించి పౌలు ఇదే క్రియ వాడాడు, మన తర్జుమాలోనూ 'తన భర్తతో సమాధానపడవలెను' అని ఉంది. మాట అర్థం చెప్పడానికి ఇంతకంటే సూటి ఆధారం లేదు. అయినా ఆ సభలో వాడలేదు. అక్కడ కూర్చున్న అక్కల్లో చాలామంది పిల్లల ఫీజుల కోసం, అప్పుల కోసం భర్తకు దూరంగా ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లు. ఆ వచనం చదివితే మాట అర్థం కాకుండా తమ మీద వేలు చూపినట్టు వినబడుతుంది. బదులుగా మత్తయి 5:24 తీసుకున్నాను: 'మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము'. గ్రీకులో క్రియ కొంచెం వేరు గానీ ఆ కుటుంబానిదే, తెలుగులో మాట ఒకటే. పైగా దీనివల్ల ప్రసంగానికి వెన్నెముకే దొరికింది. మత్తయిలో ఎవరిమీద సహోదరునికి విరోధం ఉందో, అంటే తప్పు ఎవరివల్ల జరిగిందో, వాడు లేచి వెళ్లాలి. కొరింథు పత్రికలో తప్పు మనది, లేచి వచ్చింది దేవుడు. ఇంగ్లిష్‌లో 'గాడ్ వాజ్ రికన్సైలింగ్' అన్న కొక్కెం, తెలుగులో 'తనతో సమాధానపరచుకొనుచు'. రెండింటిలోనూ కర్త దేవుడే. ప్రసంగంలో ఎక్కువ సమయం దీనికే ఇచ్చాను.

కుడి గడిలో అన్నీ గుర్తులుగా ఉండవు. సిద్ధాంత భారం ఉన్న చోట తెలుగు వాక్యాన్ని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా రాసుకుని, అలాగే చదవాలి. ఈ భాగంలో అలాంటి చోటు 21వ వచనం ఒక్కటే. 'ఆయన ఆయనను పాపముగా చేసెను'లో ఇద్దరు ఆయనలు, ఇంగ్లిష్‌లో 'హి', 'హిమ్'. ఆశువుగా చెబుతున్నప్పుడు నాలుక జారేది 'యేసును పాపిగా చేశాడు' అని. తర్జుమా 'పాపముగా' అంటోంది, 'పాపిగా' కాదు. 'పాపమెరుగని' అని పక్కనే ఉండగా పాపి అనడం వచనాన్ని కూల్చడమే. పాపము అన్న మాట వెనుక పాపపరిహారార్థబలి అన్న అర్థం కూడా ఉండవచ్చని కొందరు పండితులు అంటారు. హెబ్రీలో ఆ రెండింటికీ ఒకే మాట ఉండటం దానికి ఆధారం. ఎన్‌ఐవీ అనే ఇంగ్లిష్ తర్జుమా అడుగు గమనికలో కూడా అది ఉంది. నేను రాసుకున్న వాక్యం ఇది: 'క్రీస్తుకు పాపం అంటే ఏమిటో అనుభవంలో లేదు. అలాంటి క్రీస్తు మీద దేవుడు మన పాపం మొత్తాన్నీ ఉంచాడు, క్రీస్తులో మనం దేవుని ఎదుట నీతిమంతులుగా నిలబడాలని.' ఆయన అన్న సర్వనామం ఒక్కటీ లేదు. వినడానికి కొంచెం బరువుగా ఉంటుంది, పర్వాలేదు.

17వ వచనంలో చిన్న సర్దుబాటు ఒకటి. 'ఎవడైనను క్రీస్తునందున్నయెడల వాడు నూతన సృష్టి' అని పాత తర్జుమా. సభలో ఆడవాళ్లే ఎక్కువ. గ్రీకులో 'వాడు' అనే మాటే లేదు, 'ఎవరైనా క్రీస్తులో ఉంటే, నూతన సృష్టి' అన్నట్టుంది. వాళ్ల పేజీలోని మాట పలికి, వెంటనే 'ఎవరైనా సరే, మీరైనా సరే' అన్నాను. అంతకు మించి వివరించలేదు.

ఇంగ్లిష్ చదివేది నేను కాదు, పై తరగతుల్లో చదివే అమ్మాయి. వాళ్ల ఉచ్చారణ నాకంటే బాగుంటుంది, పైగా ఆ నిమిషం ఇంగ్లిష్ తమదిగా పిల్లలకు అనిపిస్తుంది. ఆమెకు వచనాలు ముందు రోజే పంపి, ఎక్కడ ఆగాలో గీతలు పెట్టి ఇస్తాను. పిల్లలు వార్తలు చదివినంత వేగంగా చదివేస్తారు, గీతలు లేకపోతే 19వ వచనం ఒక్క ఊపిరిలో అయిపోతుంది. వాక్యభాగం రెండు పేర్లతోనూ ప్రకటించాలి: రెండవ కొరింథీయులకు, సెకండ్ కొరింథియన్స్. ఇక్కడ పేర్లు దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. యాకోబు పత్రిక అయితే పిల్లలు జాకబ్ అనే పుస్తకం కోసం వెతుకుతారు, అది ఇంగ్లిష్‌లో జేమ్స్. ప్రసంగి అంటే ఎక్లీజియాస్టీస్ అని ఏ పిల్లవాడికీ తట్టదు.

మా హాలు వేరే భాషల సంఘాలతో పంచుకున్నది. సమయానికి ఖాళీ చేయకపోతే బయట తర్వాతి సంఘం నిలబడి ఉంటుంది. అక్కలు కూడా చెప్పిన వేళకు ఇళ్లకు చేరాలి, ఆలస్యమైతే వాళ్లకు టెన్షన్. వాక్యానికి ఉన్నది అరగంట. అందుకే ఐదు వచనాలకు సమాన భాగాలు ఇవ్వలేదు. 17కి కొద్దిగా, 18, 19లకు సగానికి పైగా, 20కి అన్వయం, 21కి రాసుకున్న వాక్యం చదివి దాని చుట్టూ నాలుగు మాటలు.

పని చేసిందో లేదో తెలుసుకోవడానికి రెండు మార్గాలు వాడతాను. ఒకటి, ఫోన్‌లో రికార్డ్ చేసి ఇంటికెళ్లాక వింటూ, ఇంగ్లిష్ క్రియకు 'చేయు', 'అవు' తగిలించిన ప్రతి చోటా కాగితం మీద గీత పెట్టడం. ఫోన్ చేయడం, టైప్ చేయడం లాంటివి లెక్కలోకి రావు, అవి తెలుగైపోయాయి. వాక్యభాగంలోని క్రియలకు గీత పడితే అక్కడ వివరణ లేదని అర్థం. రెండోది, బస్సు కోసం నిలబడ్డప్పుడు ఇద్దరిని 'ఏం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి' అని అడగడం. ఒకరు తెలుగు బైబిల్ అక్క, ఒకరు ఇంగ్లిష్ వైపు పిల్లవాడు. ఒకే ప్రశ్న, వేర్వేరుగా.

ఆ శుక్రవారం అక్క జవాబు ఒక్క ముక్కలో వచ్చింది: 'తప్పు మనది అన్నా, వచ్చింది ఆయన.' అబ్బాయి చెప్పింది ఇది: 'దేవుడికి కోపం వచ్చింది, జీసస్ వెళ్లి ఆయన్ని ఒప్పించాడు.' దేవుడే కర్త అన్నది అతనికి చేరలేదు. రికార్డింగ్ వింటే కారణం తెలిసింది. 'ఆల్ దిస్ ఈజ్ ఫ్రమ్ గాడ్' అన్న కొక్కెం దగ్గర కాగితం మీద 'ఆగు' అని ఉన్నా ఆగకుండా మత్తయి వచనంలోకి వెళ్లాను. మత్తయి 5:24ను తెలుగులోనే పలికాను. అక్కకు రెండు చోట్లా 'సమాధానపడు' అన్న మాట ఒకటే కాబట్టి పోలికా తేడా రెండూ అందాయి. అబ్బాయికి ఆ రెండో వచనం ఇంగ్లిష్‌లో వినబడలేదు, కాబట్టి అది ఈ భాగానికి ముడిపడిన వచనమని తెలియలేదు. ఇంట్లో తను విన్న పాత కథే నిలిచిపోయింది. అప్పటి నుంచి పక్క వచనం తెచ్చినా దానికీ ఒక కొక్కెం రాస్తున్నాను, 'బి రికన్సైల్డ్ టు యువర్ బ్రదర్' అన్నంత చాలు.

ఈ పద్ధతి అన్ని భాగాలకూ కుదరదు. పత్రికలకు బాగుంటుంది, ఎందుకంటే భాగం చిన్నది, వాదన గట్టిది. దావీదు గొల్యాతు లాంటి పొడవాటి కథను ముందు మొత్తం ఇంగ్లిష్‌లో చదివిస్తే సగం సభ చాలా నిమిషాలు ఏమీ అందకుండా కూర్చుంటుంది. అలాంటప్పుడు కథ తెలుగులో చెబుతూ, మూడు నాలుగు చోట్ల మాత్రం ఇంగ్లిష్ వచనాలు చదివిస్తాను. కీర్తనలకైతే ఇంగ్లిష్ పఠనమే పెట్టను. 23వ కీర్తన, 51వ కీర్తన చాలామంది అక్కలకు కంఠతా వచ్చు. వాళ్లు కలిసి పలుకుతుంటే పిల్లలు వినాలి, అర్థం తర్వాత అడుగుతారు.

తర్వాతి వారం భాగం 6:1, 2. అక్కడ 'మిమ్మును' అన్న మాట గ్రీకులోనే ఉంది, బతిమాలేది సంఘాన్నే అన్నది స్పష్టం. నోట్స్ వెనుక వైపు రాసిపెట్టుకున్న 20వ వచనం సంగతి ఆ రోజు ముందు వైపుకు వచ్చింది, అది కూడా ఒక అక్క 'మరి పోయిన వారం మిమ్మును అన్నది ఎవరిని అన్నా' అని అడిగాక.